రికమెండేషన్ లెటర్ కోసం

నమస్కారం మేడమ్,

నేను సింధుని, 2022 స్టాటిస్టిక్స్ బ్యాచ్. చివరి సంవత్సరం ప్రాజెక్టు మీ దగ్గరే చేశాను. ఇప్పుడు పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. నా పనిని దగ్గరగా చూసింది మీరే, అందుకే రికమెండేషన్ లెటర్ మిమ్మల్ని అడుగుతున్నాను.

గడువు డిసెంబర్ 12. యూనివర్సిటీ నుంచి మీ మెయిల్‌కి లింక్ వస్తుంది, లెటర్ అందులోనే అప్‌లోడ్ చేయాలి.

వీలైతే ప్రాజెక్టు గురించి రాయండి. ముఖ్యంగా సర్వే డేటాలో తప్పులు బయటపడ్డాక లెక్కలన్నీ మొదటి నుంచి మళ్లీ చేసిన సంగతి. అప్పుడు మీరు నేర్పిన ఓపికే ఇప్పటి ఉద్యోగంలోనూ నాకు పనికొస్తోంది. ల్యాబ్‌లో జూనియర్లకు సాయం చేసిన విషయం కూడా ఒక మాట రాస్తే చాలు.

రెజ్యూమె, మార్కుల లిస్టు, ప్రాజెక్టు రిపోర్టు జత చేశాను. ఇప్పుడు తీరిక లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి మేడమ్.

మీ విద్యార్థిని,
సింధు