పన్ను డిమాండ్ నోటీసుకు జవాబు

తేదీ: 20 డిసెంబర్ 2024

అసెసింగ్ అధికారి గారికి,
ఆదాయపు పన్ను శాఖ.

విషయం: 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి సెక్షన్ 143(1) కింద వచ్చిన ₹8,640 డిమాండ్ గురించి.
పాన్: AAAPK0000K

అయ్యా,

12 డిసెంబర్ 2024 తేదీతో మీరు పంపిన నోటీసు అందింది. అందులో అడిగిన ₹8,640 నేను జూలైలోనే కట్టేశాను. అందువల్ల ఈ డిమాండ్‌తో నేను ఏకీభవించడం లేదు.

పొరపాటు నాదే. రిటర్న్‌లో చలాన్ వివరాలు నింపేటప్పుడు బీఎస్ఆర్ కోడ్ చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి: 0002345 బదులు 0002354 అని పడింది. నోటీసు వచ్చాక చలాన్‌ను పక్కన పెట్టుకుని చూస్తే గానీ నా కంటపడలేదు. సరైన వివరాలు ఇవి:

చెల్లించిన తేదీ: 26 జూలై 2024
బీఎస్ఆర్ కోడ్: 0002345
చలాన్ సీరియల్ నంబర్: 04172
మొత్తం: ₹8,640
పన్ను రకం: సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ (300)

ఈ చెల్లింపు నా వార్షిక సమాచార ప్రకటన ఏఐఎస్‌లో కూడా ఇదే సంవత్సరం కింద కనిపిస్తోంది. రిటర్న్ 28 జూలైన, అంటే గడువులోపే దాఖలు చేశాను. పోర్టల్‌లో ఈ డిమాండ్‌కు 'Disagree with demand' అని జవాబిచ్చి, చలాన్ అప్‌లోడ్ చేశాను. కోడ్ సరిచేసి సెక్షన్ 154 కింద సవరణ అభ్యర్థన కూడా విడిగా పెట్టాను.

దయచేసి ఈ మొత్తాన్ని జమ చేసుకుని డిమాండ్‌ను రద్దు చేయగలరు. అంతవరకు నాకు రావలసిన ఏ రీఫండ్‌లోనూ దీన్ని సర్దుబాటు చేయవద్దని మనవి.

జతచేసినవి: చలాన్ రసీదు, ఏఐఎస్ ప్రతి, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, నోటీసు ప్రతి.

భవదీయురాలు,
కె. సుజాత