పెదవుల మీది మాట

పోచమ్మ మైదాన్ దగ్గర ఆటో దిగేసరికే చేతిలోని కాగితం చెమటకు మెత్తబడింది. అందులో పద్దెనిమిది ప్రశ్నలున్నాయి. రెండు రాత్రులు కూర్చుని రాసుకున్నాను. పత్రికలో చేరి నెల కాలేదు. ఇది నా మొదటి ఇంటర్వ్యూ. వరంగల్ ఆజం జాహీ బట్టల మిల్లు మగ్గాల షెడ్డులో పనిచేసిన పెద్దాయన లేబర్ కాలనీలో ఉన్నారని తెలిసి నన్ను పంపించారు.

తాత గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కోడలు నాకు ఒక స్టూలు, గ్లాసు నీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లింది. ఫోనులో రికార్డింగ్ మొదలుపెట్టి, కాగితం విప్పి, తల వంచి చదివాను.

"మిల్లులో ఎన్నేళ్లు పనిచేశారు?"

"ముప్పై. చెవులు పోయేదాకా."

'ముప్పై' అని రాసుకుని టిక్కు పెట్టాను. "రెండో ప్రశ్న. మిల్లును ఎప్పుడు, ఎవరు కట్టించారు?"

"సకినాలు తినమంటే తింటాను గానీ, పళ్లు లేవు బిడ్డా."

కాస్త తికమకపడ్డాను. 1934లో నిజాం కట్టించాడనీ, కొడుకు ఆజం జా పేరు పెట్టాడనీ నాకు తెలుసు కాబట్టి నేనే రాసేసుకున్నాను. ఆయనకు మతి సరిగా లేదేమో అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. మూడో ప్రశ్న కార్మిక సంఘాల గురించి. జవాబు మనవడి పెళ్లి గురించి వచ్చింది. నాలుగు, ఐదు కూడా అలాగే గడిచాయి. ఆరో ప్రశ్న సగంలో ఉండగా ఆయన చెయ్యి చాచి, నా కాగితం అంచు పట్టుకుని మెల్లగా కిందికి దించారు.

"తల ఎత్తి అడుగు బిడ్డా. నీ నోరు కనబడకపోతే నాకు మాట వినబడదు."

మగ్గాల షెడ్డులో పక్కవాడు అరిచినా వినిపించేది కాదట. పని నేర్చుకోవడంతో పాటు పెదవులు చదవడమూ నేర్చుకునేవారట. చెవులు పోయాక ఆ విద్యే మిగిలింది. నేనేమో ఇంతసేపూ నడినెత్తి చూపిస్తూ మాట్లాడాను. నా నడినెత్తి ఏం అడుగుతోందో ఊహించి ఆయన మర్యాదగా జవాబులు చెప్పారు.

కాగితం ఒళ్లో పెట్టుకున్నాను. తల ఎత్తితే ప్రశ్న కనబడదు, తల దించితే ఆయనకు నేను వినబడను. నోరు ఎండిపోయింది.

"పెదవులతోనే అన్నీ చెప్పుకునేవారా తాతా?" అని అడిగాను. అది పద్దెనిమిదింట్లో లేదు.

ఆయన ముఖం మారిపోయింది. కుర్చీలో ముందుకు జరిగి రెండు వేళ్లు కత్తెరలా ఆడించారు: పోగు తెగింది. లేని మీసం మెలేశారు: పని చేయించే జాబర్ వస్తున్నాడు. బొటనవేలు పెదవులకు ఆనించి కనుబొమ్మలు ఎగరేశారు: చాయ్‌కి పోదామా? నేను నవ్వాను. ఆయన నా నవ్వు చూసి ఇంకో నాలుగు చూపించారు. లోపలి నుంచి కోడలు వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

"ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంట్లో మీ అవ్వ నా కోసం నేర్చుకుంది. చివర్లో ఆసుపత్రిలో ఆమెకు గొంతు పోయింది. డాక్టర్లకు అర్థం కాలేదు, కొడుకులకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది."

ఆగిపోయారు. నా చెయ్యి అలవాటుగా కాగితం మీదికి పోయింది. ఏడో ప్రశ్న: మిల్లు మూతపడినప్పుడు మీకు ఎలా అనిపించింది? వేలు దాని మీద పెట్టి కూడా తల దించలేదు. వీధిలో ఉల్లిగడ్డల బండి వెళ్లిపోయింది. ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది.

"బియ్యం డబ్బాకు మూత పెట్టావా అని అడిగింది," అన్నారు. "పెట్టలేదు. పెట్టానని చెప్పాను."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆమె కూడా అప్పుడే విన్నదని అర్థమైంది.

ఆ రాత్రి హనుమకొండలో గదికి వచ్చి రికార్డింగ్ పెట్టుకున్నాను. మొదటి నిమిషంలోనే ఉంది: "చెవులు పోయేదాకా." దాని మీద పడుతూ నా గొంతు, హుషారుగా: "రెండో ప్రశ్న." మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. తర్వాత ఎక్కువ భాగం ఫ్యాను చప్పుడే. సైగలు ఫోనుకు ఎక్కవు కదా. జ్ఞాపకం ఉన్నంతవరకు ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. చివరి సైగ దగ్గర ఆగిపోయాను; అరచేయి గుండెకు ఆనించి రెండుసార్లు తట్టారు, అర్థం చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ పోచమ్మ మైదాన్ ఆటో ఎక్కాను. కాగితం గదిలోనే ఉండిపోయింది.