సంవత్సరాల వరసలో వినకు

చరణ్,

రాక్ మ్యూజిక్ ఎక్కడినుంచి వినాలని అడిగావు కదా, క్లాసులో హడావుడిగా చెప్తే సగం మర్చిపోతావని రాసి ఇస్తున్నా. 1950ల నుంచి ఒక్కో ఏడాదీ వరసగా వింటూ పోతే రెండో వారానికే బోర్ కొట్టి వదిలేస్తావు. గిటార్ మోత ఎలా మారుతూ వచ్చిందో అది ఒక్కటి పట్టుకో, చాలు.

మొదట కింక్స్ వాళ్ల ‘యూ రియల్లీ గాట్ మీ’, 1964. ఆ గిటార్ గరగరలాడుతుంది చూడు, అది ఏ పెడల్ వల్లా వచ్చింది కాదు, వాళ్ల గిటారిస్ట్ డేవ్ డేవీస్ తన చిన్న యాంప్ స్పీకర్‌ని బ్లేడుతో చీరేశాడు! ముందు మామూలుగా విను, రెండోసారి గిటార్ మీదే చెవి పెట్టు.

అక్కడినుంచి వెనక్కి వెళ్లు. మడ్డీ వాటర్స్ ‘మ్యానిష్ బాయ్’ (1955), చక్ బెర్రీ ‘జానీ బి. గుడ్’ (1958). ఈ రెండోదాన్ని 1977లో వాయేజర్ వ్యోమనౌకతో పాటు అంతరిక్షంలోకే పంపారు. సిస్టర్ రోసెట్టా థార్ప్‌ని మాత్రం వినడం కాదు, చూడాలి. 1964లోనే మాంచెస్టర్‌లో, రైళ్లు ఆగని పాత స్టేషన్‌లో, జనం అవతలి ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే ఈవిడ ఇవతల కోటు వేసుకుని నిలబడి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంది. చక్ బెర్రీ కంటే ముందునుంచీ ఆవిడ చేస్తున్న పనే అది. రాక్ కథ చెప్పేవాళ్లు చాలామంది ఆవిడ పేరు ఎత్తరు, నాకు అదే ఒళ్లు మంట.

తర్వాత బీటిల్స్ ‘రివాల్వర్’ (1966) ఆల్బమ్ మొత్తం. చివరి పాట దాదాపు ఒకే కార్డ్ మీద, శ్రుతి పెట్టినట్టు నడుస్తుంది, మధ్యలో గిటార్ టేపు తిరగేసి నడిపినట్టు వెనక నుంచి ముందుకు వినిపిస్తుంది. ఆ వెంటనే హెండ్రిక్స్ ‘పర్పుల్ హేజ్’.

ఇక బ్లాక్ సబ్బాత్, 1970, బ్యాండ్ పేరే పాట పేరు. మొదట్లో వచ్చేవి మూడే స్వరాలు: షడ్జమం, పై షడ్జమం, తర్వాత ప్రతి మధ్యమం. కీబోర్డ్ మీద మెల్లగా వాయించి చూడు, భయం ఎక్కడినుంచి వస్తోందో నీకే తెలుస్తుంది. వాయించిన టోనీ అయోమీకి ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల చివర్లు పోయాయి, ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని వాయించేవాడు.

ఇరవై నిమిషాల పాటలు, కీబోర్డ్ సోలోలు ఇప్పుడు వద్దు. నేరుగా రామోన్స్ మొదటి ఆల్బమ్‌కి (1976) దూకు, పద్నాలుగు పాటలు అరగంట లోపే అయిపోతాయి. ఆ తర్వాత పిక్సీస్ ‘సర్ఫర్ రోసా’ (1988), దాని వెనకే నిర్వాణా ‘నెవర్‌మైండ్’ (1991). మెల్లగా పాడి ఒక్కసారిగా విరుచుకుపడే ఆ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను చెప్పక్కర్లేదు.

ఫోన్ స్పీకర్‌లో వినకు, బేస్ గిటార్ అసలు వినపడదు. నచ్చనివి ఏవో కూడా రాసుకురా, వాటి గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

మీ మ్యూజిక్ మేడమ్