నాన్న ఆరోగ్యం: చెన్నై ఆస్పత్రి నుంచి ఇంటి గ్రూపుకు

మంగళవారం, రాత్రి 9:20

అందరికీ ఒకేసారి చెబుతున్నాను. నాన్నకు ఈ సాయంత్రం మా ఇంట్లో హార్ట్ ఎటాక్ వచ్చింది. వెంటనే ఆస్పత్రికి తీసుకొచ్చాం. యాంజియోగ్రామ్ చేసి, మూసుకుపోయిన రక్తనాళంలో ఒక స్టెంట్ వేశారు. ఎనిమిదింటికల్లా అయిపోయింది. ఇప్పుడు సీసీయూలో ఉన్నారు. స్పృహలోనే ఉన్నారు, మాట్లాడుతున్నారు, నొప్పి తగ్గింది.

48 గంటలు గడిచేదాకా డాక్టర్లు ఏమీ ఖాయంగా చెప్పరు. అమ్మ నా దగ్గరే ఉంది. ఈ రాత్రికి ఎవరూ బయల్దేరొద్దు. వచ్చినా లోపలికి పంపరు. ఫోన్లు ఎత్తలేకపోతే ఏమీ అనుకోకండి, పొద్దున డాక్టరుతో మాట్లాడాక ఇక్కడే రాస్తాను.

బుధవారం, ఉదయం 11:45

రాత్రి ఇబ్బందేమీ లేకుండా గడిచింది. బీపీ, పల్స్ సరిగ్గా ఉన్నాయి. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నారు. ఇప్పుడే డాక్టరు రౌండ్స్ అయ్యాయి. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

చిన్నాన్న, అత్త, అందరూ అసలేం జరిగిందని అడుగుతున్నారు కాబట్టి ముందు అది. కంటి చెకప్ కోసం నాన్న ఆదివారం చెన్నై వచ్చారు, మీకు తెలుసు. నిన్న సాయంత్రం ఆరింటికి కొంచెం ముందు ఛాతీ బరువుగా ఉందన్నారు. గ్యాస్ అనుకుని సోడా అడిగారు. కానీ ఒళ్లంతా చెమటలు, చొక్కా తడిసిపోయింది, ఎడమ దవడ లాగుతోందన్నారు. 108కి ఫోన్ చేశాం. ఆరున్నర లోపే ఎమర్జెన్సీలో ఉన్నాం. ఈసీజీ తీయగానే ఎటాక్ అని తేల్చారు. త్వరగా తీసుకురావడం చాలా మేలు చేసిందని డాక్టరు రెండుసార్లు అన్నారు.

గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయింది. కుడి మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి దాన్ని తెరిచి స్టెంట్ పెట్టారు. ఆపరేషన్ కాదు, ఛాతీ మీద కోత లేదు. కుడి వైపు నాళంలో ఇంకో బ్లాక్ ఉంది, సుమారు 70 శాతం. నిన్నటి ఎటాక్‌కు కారణం అది కాదు కాబట్టి ఇప్పుడు దాని జోలికి వెళ్లలేదు. దానికి కూడా స్టెంట్ వేయాలా, ఎప్పుడు వేయాలా అనేది తర్వాత చెబుతారు.

పొద్దున ఎకో తీశారు. గుండె పంపింగ్ 42 శాతం ఉంది. మామూలుగా 55 పైన ఉండాలి. అంటే కండరానికి కొంత దెబ్బ తగిలింది. అందులో ఎంత భాగం కోలుకుంటుందో ఇప్పుడే తెలియదు. కొన్ని వారాల్లో పంపింగ్ మెరుగుపడడం చాలామందిలో చూస్తామన్నారు. ఆరు వారాల తర్వాత మళ్లీ ఎకో తీస్తే అసలు లెక్క తెలుస్తుంది. అందుకే "బాగైపోయారు" అని నేను రాయడం లేదు. "నిలకడగా ఉన్నారు" అన్నదే డాక్టరు మాట, మనకూ ప్రస్తుతానికి అదే చాలు.

షుగర్ చేరినప్పుడు 286 ఉంది. ఇన్సులిన్ ఇస్తున్నారు.

సీసీయూలోకి పొద్దున 11 నుంచి 12, సాయంత్రం 5 నుంచి 6 మాత్రమే పంపుతారు. ఒకే పాస్, ఒకసారికి ఒక్కరే. పొద్దున అమ్మ వెళ్లింది, సాయంత్రం నేను. లోపలికి వెళ్లగానే నాన్న అమ్మను అడిగింది ఒంటి సంగతి కాదు, నిమ్మతోటకు నీళ్లు ఎవరు పెడుతున్నారని. చిన్నాన్నా, ఈ వారం మోటారు వంతు నువ్వు చూసుకుంటానని నాకు ఒక్క మెసేజ్ పెట్టు, చదివి వినిపిస్తాను. మార్కెట్ రేటు మాత్రం వద్దు. పడిపోయి ఉంటే పడుకోనివ్వరు.

నాయనమ్మకు చెప్పాలా వద్దా అని అత్త అడిగింది. దాచొద్దని నా అభిప్రాయం. ఎవరో ఒకరు వీధిలో అనేస్తారు. "గుండెకు కొంచెం ఇబ్బంది, వైద్యం అయింది, మాట్లాడుతున్నాడు" అని అత్తే దగ్గర కూర్చుని చెబితే మంచిది. వైర్లతో ఉన్న ఫొటోలు ఆమెకు చూపించొద్దు. అసలు ఫొటోలు నేను పెట్టను, అడగొద్దు.

బుధవారం, రాత్రి 8:50

సాయంత్రం చూసి వచ్చాను. నొప్పి లేదు, ఆయాసం లేదు. ఒక్క విషయం. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ నిన్న 1.2 ఉంటే ఈ సాయంత్రం 1.6కి పెరిగింది. యాంజియోగ్రామ్‌లో వాడే డై వల్ల కిడ్నీల మీద భారం పడుతుందట, షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. సెలైన్ జాగ్రత్తగా ఎక్కిస్తున్నారు, మూత్రం కొలుస్తున్నారు, షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేశారు. మూత్రం బాగానే వస్తోంది. డయాలసిస్ మాట ఎవరూ ఎత్తలేదు, మనమూ ఎత్తొద్దు. రేపు పొద్దున మళ్లీ టెస్ట్.

గురువారం, మధ్యాహ్నం 12:30

క్రియాటినిన్ 1.7. పెద్దగా పెరగలేదు. ఇలాంటివి రెండు మూడు రోజులు పెరిగి తగ్గుతాయన్నారు కాబట్టి రేపటి రిపోర్ట్ ముఖ్యం. బీపీ, పల్స్, షుగర్ అన్నీ అదుపులో ఉన్నాయి. మంచం పక్కన కుర్చీలో అరగంట కూర్చోబెట్టారు.

నాన్నను వెంటిలేటర్ మీద పెట్టారని ఊళ్లో ఎవరో అన్నారట, పొద్దున్నుంచి ఆరేడు ఫోన్లు. వెంటిలేటర్ ఒక్క నిమిషం కూడా పెట్టలేదు. మొదటి రాత్రి ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం ఉంది, బుధవారం పొద్దున తీసేశారు. ఎవరైనా అడిగితే ఈ మాటే చెప్పండి. నేను ఇక్కడ రాయనిది ఏదైనా వినిపిస్తే ముందు తమ్ముడికి ఫోన్ చేయండి. బెంగళూరు నుంచి నిన్న రాత్రి వచ్చాడు. ఇకమీదట ఫోన్లన్నీ వాడికే. నేను, అమ్మ నిద్రపోవాలి.

రక్తం అవసరం లేదు. ఇవ్వడానికి ముందుకొచ్చిన పిల్లలందరికీ థాంక్స్ చెప్పండి.

డబ్బు పంపుతామని మామయ్యతో సహా చాలామంది అడిగారు. ఇప్పుడు అవసరం లేదు. తమ్ముడి కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్న ఉన్నారు, క్యాష్‌లెస్ మొదటి అప్రూవల్ వచ్చింది. చివరి బిల్లులో వాళ్లు కొంత కోత పెడతారు, అది మేం చూసుకుంటాం. స్టెంట్ ఒక్కటే రెండు లక్షలట కదా అని ఎవరో అన్నారు, అది పాత మాట. 2017 నుంచి స్టెంట్ ధరకు కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. బిల్లులో స్టెంట్ పేరు, ధర విడిగా చూపిస్తారు. ఆ స్టిక్కర్ కూడా దాస్తున్నాం.

శుక్రవారం, మధ్యాహ్నం 1:15

మంచి కబురు. క్రియాటినిన్ 1.4కి దిగింది. పొద్దున పదింటికి నాన్నను సీసీయూ నుంచి వార్డు గదికి మార్చారు. కారిడార్‌లో నర్సును పట్టుకుని కొంచెం దూరం నడిచారు, ఆయాసం రాలేదు. ఆ నర్సుది సూళ్లూరుపేట. నాన్నకు తెలుగు మాట్లాడే మనిషి దొరికింది, ఇక ఆ అమ్మాయికి నిమ్మకాయల గురించి తెలియనిది ఉండదు.

రెండో బ్లాక్ సంగతి డాక్టరు, మేము నలుగురం కూర్చుని మాట్లాడాం. ఇప్పుడే వేస్తే మళ్లీ డై వాడాలి, కిడ్నీలు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. అందుకని ఇంటికి పంపి, నాలుగు నుంచి ఆరు వారాల్లో క్రియాటినిన్ చూసి, రెండో స్టెంట్ వేద్దామన్నారు. మాకు సబబుగానే అనిపించింది. హైదరాబాద్‌లో తెలిసిన డాక్టరుకు చూపిద్దామని మామయ్య అన్నారు. తప్పకుండా. యాంజియోగ్రామ్ సీడీ, ఎకో రిపోర్ట్ డిశ్చార్జ్‌తో పాటు ఇస్తారు, తమ్ముడు పంపుతాడు. అప్పటిదాకా మందుల్లో మార్పులేవీ ఎవరూ సూచించొద్దు.

చూడాలనుకునేవాళ్లు రావచ్చు, కానీ ఒక వరుసలో. రేపు చిన్నాన్న, అత్త మాత్రమే. సెంట్రల్‌లో దిగి మెట్రోలో వడపళని వచ్చేయండి, తమ్ముడు స్టేషన్ దగ్గర ఉంటాడు. సాయంత్రం 4 నుంచి 6 విజిటింగ్. మిగతావాళ్లు నాన్న ఇంటికి వచ్చాకే.

తినేవి ఏవీ తేవొద్దు. కొబ్బరిబోండాలు, బత్తాయిలు కూడా వద్దు. కిడ్నీ టెస్టులు మామూలుకు వచ్చేదాకా పొటాషియం ఎక్కువున్నవి ఆపమన్నారు. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తాగితే బ్లాకులు కరుగుతాయన్న వీడియో నలుగురు పంపారు. ప్రేమతో పంపారని తెలుసు. నాన్న ఫోన్‌కు మాత్రం పంపకండి. తోటలో కాయలున్న మనిషి, ఊరికే ఉండరు. రక్తం పలచబడే మాత్రలతో పసర్లు, కషాయాలు కలపొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

శనివారం, రాత్రి 9:05

రేపు డిశ్చార్జ్. క్రియాటినిన్ 1.3. ఇన్సూరెన్స్ ఫైనల్ అప్రూవల్ రావాలి, ఆదివారం కాబట్టి సాయంత్రం అయినా ఆశ్చర్యం లేదు. టెన్షన్ పడకండి.

నాన్న కనీసం మూడు వారాలు మా ఇంట్లోనే ఉంటారు. లిఫ్ట్ ఉంది. వారం తర్వాత చెకప్. ఊరికి ఎప్పుడు పంపాలన్నది అప్పుడు అడుగుతాం. పొలం పని, బరువులు, బండి నడపడం ప్రస్తుతానికి లేవు. బీడీ ఇక ఎప్పటికీ లేదు. ఇది నాన్న ముందే డాక్టరు చెప్పారు, నాన్న తలూపారు. చిన్నాన్నా, నీ జేబులోది కూడా ఆయన కంటపడకుండా చూసుకో.

ఒక్క విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నాన్న ఊళ్లో ఉన్నప్పుడు మేం పక్కన ఉండం. రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు ఇచ్చారు. కనీసం ఏడాది పాటు ఒక్క పూట కూడా ఆపకూడదు. మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ ఎటాక్ రావచ్చు. పన్ను పీకించుకోవాలన్నా, కంటి ఆపరేషన్ అన్నా, ఇక్కడి డాక్టరును అడగకుండా ఎవరు ఆపమన్నా ఆపొద్దు. మాత్రల చీటీ ఫొటో తీసి రేపు ఇక్కడ పెడతాను, చిన్నాన్న ప్రింట్ తీయించి ఊళ్లో ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించాలి.

ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం మళ్లీ వస్తే గ్యాస్ మాత్ర ఇచ్చి చూద్దామనుకోవద్దు. ముందు 108, తర్వాత మాకు ఫోన్.

నాన్న ఫోన్ రేపు సాయంత్రం ఆయనకు ఇచ్చేస్తాం. రోజూ ఆరు నుంచి ఏడు మధ్య మాట్లాడండి, ఒక్కొక్కరు ఐదు నిమిషాలు. ముందు నాయనమ్మ. అత్తా, ఆరింటికి నువ్వే కలిపి ఇవ్వు.