స్లాబు పోతకు ముందు రోజు సాయంత్రం: సామాను వృథా గురించి కొత్త కూలీలకు సీనియర్ ఫోర్‌మన్ చెప్పిన మాటలు

అన్నలకూ, తమ్ముళ్ళకూ, అక్కలకూ నమస్కారం. రేపు ఉదయం ఏడు గంటలకు కొంపల్లిలోని మన ఈ సైటులో మూడో అంతస్తు స్లాబు పోయబోతున్నాం. మీలో చాలామందికి ఇది మొదటి స్లాబు కాబట్టి, పని మొదలయ్యాక పంపు చప్పుడులో చెప్పలేని విషయాలను ఈ సాయంత్రమే నిదానంగా చెప్పాలని మిమ్మల్ని ఇక్కడ, సెంట్రింగ్ మీదనే, కూర్చోబెట్టాను. ఇనుము మీద కాకుండా పలకల మీద కూర్చున్నందుకు సంతోషం. రేపు నడిచేటప్పుడు కూడా అలాగే పలకల మీదనే నడవండి.

వృథా అనగానే మన కళ్ళకు కింద పడిన కాంక్రీటు కుప్ప, చిరిగిన సిమెంటు బస్తా కనిపిస్తాయి. అవి వృథానే. కాని నా అనుభవంలో స్లాబు పోతలో అన్నిటికంటే ఎక్కువ సామాను పోయేది నేల మీద కాదు, స్లాబు మందంలో. ఉండవలసిన మందం కంటే కొంచెం ఎక్కువ పోస్తే అది ఎవరికీ కనిపించదు, పైగా పని బాగా చేశామనే అనిపిస్తుంది. అందుకే దీని లెక్కను మీకు పూర్తిగా చెబుతాను.

మన స్లాబు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, అంటే 2,400 చదరపు అడుగులు. మందం 5 అంగుళాలు. స్లాబుకు 1,000 ఘనపుటడుగులు, అంటే 28 క్యూబిక్ మీటర్లకు కొంచెం పైన కాంక్రీటు పడుతుంది. బీములకు మరో ఏడున్నర. మొత్తం కలిపితే 36 క్యూబిక్ మీటర్లకు కాస్త తక్కువ. ఒక్కొక్క బండి 6 క్యూబిక్ మీటర్లు తెస్తుంది కాబట్టి ఆరు బండ్లతో పని పూర్తి కావాలి. ఇప్పుడు స్లాబు అంతటా పావు అంగుళం ఎక్కువ పడిందనుకోండి. పావు అంగుళమంటే మీ చిటికెన వేలి మందం కూడా ఉండదు. అయినా 2,400 చదరపు అడుగుల మీద అది 50 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1.4 క్యూబిక్ మీటర్లు అవుతుంది. మన మిక్సులో క్యూబిక్ మీటరుకు 330 కిలోల సిమెంటు ఉంది. ఆ లెక్కన తొమ్మిది బస్తాలకు పైగా సిమెంటు, దానికి తగిన కంకర, రోబో ఇసుక, ఎవరికీ ఉపయోగం లేకుండా పైన కూర్చుంటాయి. బరువు చూస్తే మూడు టన్నులు దాటుతుంది. ఆ బరువును రేపు కింద ఉన్న జాకీలు మోయాలి, ఆ తర్వాత ఈ ఇల్లు ఉన్నంతకాలం బీములూ కాలమ్‌లూ మోయాలి. అంతేకాదు, ఆరో బండి అయిపోయాక కూడా ఒక మూల ఖాళీగా మిగిలిపోతుంది. అప్పుడు ఒక క్యూబిక్ మీటరు కోసం ఏడో బండిని పిలవాలి, దాని కోసం మనమందరం ఎండలో ఎదురుచూడాలి, ఈలోగా పోసిన అంచు గట్టిపడి అక్కడ అతుకు పడుతుంది.

దీన్ని ఆపే పద్ధతి కష్టమైనదేమీ కాదు. కాలమ్‌ల నుంచి పైకి వచ్చిన చువ్వల మీద ఎర్ర టేపు చుట్టి ఉంది, చూడండి. ఆ టేపు కింది అంచు స్లాబు పైమట్టానికి సరిగ్గా ఒక అడుగు ఎత్తులో ఉంది. దారం కట్టి, ఒక అడుగు కిందకు కొలిచి, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకుంటారు. వాళ్ళు చూసేవరకు మీరు ఆగనవసరం లేదు. ఇదిగో, ఈ 8 ఎం.ఎం. చువ్వ ముక్క మీద 5 అంగుళాల దగ్గర గాటు పెట్టించాను. ఇలాంటివి నాలుగు ఉన్నాయి, పరిచే ప్రతి జట్టుకు ఒకటి ఇస్తాను. కాంక్రీటు పరిచి వైబ్రేటర్ తిప్పిన వెంటనే, బీము లేని చోట, ఈ ముక్కను నిలువుగా గుచ్చండి. కింద ప్లేటు తగిలినప్పుడు గాటు కాంక్రీటు పైమట్టంతో సమానంగా కనిపించాలి. గాటు లోపలికి మునిగిపోతే అక్కడ ఎక్కువైందని అర్థం. వెంటనే పారతో ముందుకు లాగండి. గాటు పైకి తేలితే తక్కువైందని అర్థం, అప్పుడు తప్పకుండా ఇంకా పోయాలి. సామాను ఆదా చేయమంటున్నానని మందం తగ్గించారంటే అది ఆదా కాదు, ప్రమాదం. నాలుగున్నర అంగుళాల స్లాబు నాకు వద్దు, ఐదుంపావు అంగుళాల స్లాబూ వద్దు.

పైపు పట్టుకునేవాళ్ళు ఒకే చోట కుప్ప పోయకూడదు. కుప్ప పోస్తే దాన్ని పారలతో దూరంగా లాగవలసి వస్తుంది. అలా లాగినప్పుడు కంకర ఒకవైపు, సిమెంటు పాలు ఒకవైపు విడిపోతాయి, కుప్ప ఉన్న చోట మందం కూడా దిగదు. పైపు మూతిని ఎప్పుడూ కదుపుతూ, పడవలసిన చోటనే పడేలా పోయాలి. ఎత్తు నుంచి వదలకండి.

ఇక కారిపోయే పాల సంగతి. కాంక్రీటులో బలం సిమెంటు పాలలో ఉంది. ప్లేట్ల మధ్య సందులుంటే, వైబ్రేటర్ పెట్టగానే ఆ పాలు కిందకు కారిపోతాయి, పైన కంకర మాత్రం మిగిలి గుల్ల పడుతుంది. ప్లేట్లు విప్పిన తర్వాత ఆ గుల్లలను చెక్కి, మళ్ళీ మందు కలిపి పూడ్చడానికి అయ్యే సామాను, కూలి, రోజులు అన్నీ వృథానే. ఈ సాయంత్రం చీకటి పడేలోపు కింది అంతస్తులోకి వెళ్ళి తలెత్తి చూడండి. ఎక్కడ ఆకాశం గీతలా కనిపిస్తుందో అక్కడ సందు ఉన్నట్టు. దాన్ని టేపుతో గాని ఫోమ్ ముక్కతో గాని మూయండి. కాగితాలు, సిమెంటు సంచి ముక్కలు కుక్కవద్దు; అవి కాంక్రీటులో ఇరుక్కుపోతాయి.

నేను ఇదివరకు పనిచేసిన ఒక సైటులో బీము పక్క పలక నెమ్మదిగా విచ్చుకుంటున్నదని కింద నిలబడిన ఒక కుర్రవాడు చూశాడు. చెబితే తననే తిడతారేమోనని భయపడి ఊరుకున్నాడు. పది నిమిషాల్లో పలక ఊడి, బీములోని కాంక్రీటంతా కింది గచ్చు మీదకు జారిపోయింది. ఆ కుర్రవాడిది తప్పని నేను అనను. చెప్పినవాడిని తిట్టే అలవాటు పెట్టినవాళ్ళదే తప్పు. అందుకే మీ అందరి ముందు మాట ఇస్తున్నాను. కారుతున్నదని, విచ్చుకుంటున్నదని, ఒలికిందని చెప్పినవారిని ఇక్కడ ఎవరూ ఒక్క మాట అనరు, ఎవరి కూలిలోంచీ ఒక్క రూపాయి కోయరు. రేపు కింద ఇద్దరు మనుషులు టార్చి లైట్లతో జాకీలూ బీము పలకలూ చూస్తూ తిరుగుతారు. వాళ్ళు "ఆపండి" అని కేక వేస్తే పంపు ఆగుతుంది. అది చెప్పడానికి నా అనుమతి అక్కర్లేదు.

నీళ్ళ విషయంలో నేను కఠినంగా ఉంటాను. కాంక్రీటు గట్టిగా ఉంది, కదలడం లేదు అని ఎవరైనా బండిలోకి గాని, పరిచిన కాంక్రీటు మీదకు గాని నీళ్ళు పోస్తే, పని తేలికవుతుంది కాని బలం పడిపోతుంది, ఎండిన తర్వాత పగుళ్ళు వస్తాయి. రేపటి కాంక్రీటు నుంచి ఘనాలు పోసి, వాటిని 7 రోజులకూ 28 రోజులకూ నలగ్గొట్టి బలం చూస్తారు. ఆ పరీక్షలో తేడా వస్తే ఒక గమేళా కాదు, మొత్తం స్లాబు మీదనే ప్రశ్న వస్తుంది. గట్టిగా ఉన్నదనిపిస్తే ఇంజనీరు గారికి చెప్పండి, ఏం చేయాలో ఆయన చూసుకుంటారు.

బండిలోని కాంక్రీటు గట్టిపడకుండా ఉండాలంటే మన చేతులు ఆగకూడదు. ప్లాంటులో కాంక్రీటు కలిపి బండిలో నింపినప్పటి నుంచి రెండు గంటల్లోపు దించుకోవాలన్నది నియమం. దారిలోనే ముప్పావు గంట పోతుంది. మనం ఒక బండిని ఆలస్యంగా దించితే వెనుక నిలబడిన బండి సమయం కూడా కరిగిపోతుంది. సమయం దాటిన బండిని తిప్పి పంపితే ఆరు క్యూబిక్ మీటర్లు ఒక్కసారిగా పోయినట్టే. కాబట్టి టీలు, నీళ్ళు జట్లవారీగా, వంతులవారీగా తాగుదాం. అందరూ ఒకేసారి దిగిపోవద్దు. ఎవరికీ టీ లేకుండా మాత్రం చేయను.

పోత మొదట్లో పైపులు జారడానికి పంపులోకి సిమెంటు పాలు పంపుతారు. ఆ పాలు పైపు మూతి దగ్గర ముందుగా వస్తాయి. వాటిని బీముల్లోకి వదలకుండా గమేళాల్లో పట్టి కిందకు దించండి. గేటు దగ్గర గుంతలు పడిన చోట పోసి చదును చేద్దాం.

ఒలికిన కాంక్రీటు గురించి ఒక్క మాట. శుభ్రమైన ప్లేటు మీద, ఇప్పుడే పడినదైతే, పారతో ఎత్తి స్లాబులో వేయవచ్చు. మట్టి అంటినదాన్ని, గట్టిపడటం మొదలైనదాన్ని ఎంత తక్కువ ఉన్నా స్లాబులో వేయవద్దు. దాన్ని తట్టలో వేసి పక్కన పెట్టండి, కింద వేరే పనికి చూస్తాను.

ఐదో బండి అయిపోయాక పని కాసేపు నెమ్మదిస్తుంది. అప్పుడు మీకు విసుగు కలగవచ్చు, కాని మొత్తం రోజులో అన్నిటికంటే ముఖ్యమైన కొలత అప్పుడే జరుగుతుంది. ఇంజనీరు గారూ నేనూ మిగిలిన చోటును టేపుతో కొలిచి, చివరి బండిలో ఎంత కావాలో ప్లాంటుకు ఫోనులో చెబుతాం. పైపుల్లో ఉన్నదాన్ని కూడా ఆ లెక్కలో కలుపుతాం. మన పైపు 125 ఎం.ఎం. వెడల్పు, 40 మీటర్ల పొడవు. అందులో దాదాపు అర క్యూబిక్ మీటరు నిలిచి ఉంటుంది. చాలా సైట్లలో దాన్ని కడిగి కాలువలో పారేస్తారు. మనం స్పాంజి బంతి పెట్టి దాన్ని స్లాబు మీదకే నెడతాం. ఆ సమయంలో పైపు మూతికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. గాలి ఒత్తిడితో బంతీ కంకరా దూసుకొస్తే మనిషి ప్రాణానికే ముప్పు. పంపు ఆపరేటరు చెప్పేవరకు దూరంగా ఉండండి. అప్పటికీ కొంత మిగిలితే, దాని కోసం మెట్ల పక్కన కాలువ మూతల అచ్చులు ఆరు, కవర్ బ్లాకుల అచ్చులు రెండు వరుసలు నూనె పూసి సిద్ధంగా ఉంచాం.

మీలో హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. సున్నపురాయిని తవ్వి, దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి సిమెంటు చేయడం మీరు మీ ఊళ్ళ పక్కనే చూశారు. రోబో ఇసుక కొండను పగలగొడితేనే వస్తుంది. ఆ క్వారీల దుమ్ము మీ వాళ్ళ ఇళ్ళ మీదనే పడుతుంది. మనం పారేసే ప్రతి గమేళా కోసం అక్కడ మళ్ళీ తవ్వుతారు. యజమానికి లాభం కోసమే నేను ఇదంతా చెబుతున్నానని అనుకోవద్దు.

ఇప్పుడు నలుగురు టేపులు తీసుకుని కింది అంతస్తుకు వెళ్ళి సందులు చూడండి. ఇద్దరు ఇనుము కింద కవర్ బ్లాకులు వరుసగా చూసి, విరిగినవీ పక్కకు జరిగినవీ మార్చండి. స్లాబు ఇనుముకూ కింద ప్లేటుకూ మధ్య 20 ఎం.ఎం. ఖాళీ ఎక్కడా తగ్గకూడదు. అక్కలు ప్లేట్ల మీద రాలిన కట్టుడు తీగ ముక్కలను ఏరి డబ్బాలో వేయాలి, లేకపోతే అవి స్లాబు అడుగున తుప్పు మరకలు పెడతాయి. వాన వస్తే కప్పడానికి టార్పాలిన్లు మెట్ల దగ్గర పెట్టించాను. రేపు ఆరున్నరకల్లా బూట్లు, చేతి తొడుగులు వేసుకుని రండి. తడి కాంక్రీటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి తొడుగులు లేనివాళ్ళు ఈ రాత్రే స్టోరులో సంతకం పెట్టి తీసుకోండి.