అమ్మకాల డేటా వేర్‌హౌస్ నిర్మాణం: ఈటీఎల్ దశలు, ఎదురైన డేటా నాణ్యత సమస్యలు

ప్రాజెక్టు నేపథ్యం

ముగ్గురు సభ్యుల మా బృందం ఒక అమ్మకాల సంస్థ నమూనా డేటాతో చిన్న వేర్‌హౌస్‌ను ఈటీఎల్ పద్ధతిలో, అంటే సంగ్రహణ, రూపాంతరణ, లోడింగ్ దశల్లో నిర్మించింది. మూలాలు మూడు: బిల్లింగ్ డేటాబేస్, కస్టమర్ల వివరాలున్న సీఎస్‌వీ ఫైళ్లు, వాపసు వచ్చిన సరుకులను నమోదు చేసిన ఎక్సెల్ షీట్లు. స్టార్ స్కీమాను ఎంచుకున్నాం. మధ్యలో అమ్మకాల ఫ్యాక్ట్ పట్టిక, చుట్టూ తేదీ, కస్టమర్, వస్తువు డైమెన్షన్లు. ఫ్యాక్ట్ పట్టికలో ఒక వరుస అంటే ఒక బిల్లులోని ఒక వస్తువు అని మొదటే తేల్చుకున్నాం. ఈ నిర్ణయమే తర్వాత ఒక పెద్ద తప్పును పట్టించింది.

సంగ్రహణ

బిల్లింగ్ డేటాబేస్ నుంచి రోజూ మొత్తం డేటా తేవడం దండగ కాబట్టి, `updated_at` విలువ ఆధారంగా మారిన వరుసలనే తెచ్చాం. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. మూలంలో తొలగించిన వరుస ఇక ఎప్పటికీ కనిపించదు. ఆలస్యంగా కమిట్ అయిన వరుసకు పాత సమయం ఉంటే అది జారిపోతుంది. రెండో దానికి, ప్రతిసారీ ఒక గంట వెనక్కి వెళ్లి తెచ్చి, ప్రైమరీ కీ ఆధారంగా పునరావృతాలను తీసేశాం. తొలగింపుల కోసం వారానికొకసారి రెండు వైపుల కీలనూ పోల్చాం.

వచ్చిన డేటాను ఏ మార్పూ లేకుండా స్టేజింగ్ పట్టికల్లో టెక్స్ట్‌గానే ఉంచాం. తప్పు మూలంలో ఉందా, మా కోడ్‌లో ఉందా అని తేల్చడానికి ఈ ముడి ప్రతి ఒక్కటే ఆధారం.

రూపాంతరణ

ప్రాజెక్టు సమయంలో సింహభాగం ఇక్కడే గడిచింది. పని మధ్యలో ఆగిపోయేలా చేసే తప్పులు మమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఏ హెచ్చరికా లేకుండా లోడ్ అయిపోయిన తప్పులే అసలు ప్రమాదం.

ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి భద్రపరిచిన కస్టమర్ ఫైలులో `00742` అనే కోడ్ `742` అయింది. బిల్లులతో ఇన్నర్ జాయిన్ చేయగానే ఆ కస్టమర్ల అమ్మకాలు మాయమయ్యాయి, ఎర్రర్ మాత్రం రాలేదు. ముందు సున్నాలు చేర్చి సరిచేశామనుకున్నాం. తీరా చూస్తే మరో నెల ఫైలులో అదే కస్టమర్ సరైన కోడ్‌తో ఉన్నారు. ఇప్పుడు ఒకే కోడ్‌కు రెండు వరుసలు ఏర్పడి, జాయిన్‌లో ప్రతి అమ్మకమూ రెండింతలైంది. మొదట తగ్గిన మొత్తం ఈసారి పెరిగింది. బిల్లు-వస్తువు జంట ఒకటికి మించి ఉండకూడదన్న నియమం వల్లే ఇది బయటపడింది. అప్పటి నుంచి ప్రతి జాయిన్‌కు ముందు, సున్నాలు చేర్చిన కోడ్‌లపై ఈ తనిఖీ తప్పనిసరి చేశాం:

```sql
SELECT LPAD(customer_code, 5, '0'), COUNT(*)
FROM stg_customer
GROUP BY LPAD(customer_code, 5, '0')
HAVING COUNT(*) > 1;
```

తేదీలదీ ఇదే తీరు. `25/04` నెల-రోజు క్రమంలో చదివితే వెంటనే విఫలమవుతుంది, `03/04` మాత్రం నిశ్శబ్దంగా తప్పు నెలకు చేరుతుంది. ఎక్సెల్‌లో 1900, 1904 అనే రెండు తేదీ పద్ధతులున్నాయి, వాటి మధ్య తేడా 1462 రోజులు. ఒక షీట్‌లో సరుకు కొనకముందే వాపసు వచ్చినట్టు కనిపించడానికి కారణం అదే. వాపసు తేదీ బిల్లు తేదీకి ముందు ఉండకూడదన్న నియమాన్ని చేర్చాం.

ఖాళీ, `-`, `N/A`, `0` రూపాల్లో ఉన్న ఫోన్ నంబర్లన్నింటినీ `NULL` చేశాం.

అన్నిటికన్నా లోతైన సమస్య అర్థానికి సంబంధించినది. బిల్లింగ్‌లోని `amount` పన్నుతో కలిపిన మొత్తం, వాపసుల షీట్‌లోని `amount` పన్ను లేనిది. పేరూ రకమూ ఒకటే, విలువలూ సహజంగానే కనిపిస్తాయి. డేటా ఇచ్చినవారిని అడిగే వరకు మాకు తెలియలేదు. ప్రతి నిలువు వరుస అర్థాన్నీ కోడ్ రాయకముందే రాసి ఆమోదం తీసుకోవాల్సింది.

లోడింగ్

డైమెన్షన్లు ముందు, ఫ్యాక్ట్ తర్వాత. కస్టమర్ ప్రాంతం మారితే పాత అమ్మకాలు పాత ప్రాంతంలోనే ఉండాలి కాబట్టి, `valid_from`, `valid_to` తేదీలతో కొత్త వరుస, కొత్త సరోగేట్ కీ ఇచ్చాం. కస్టమర్ వివరం ఇంకా రాని అమ్మకాలను వదిలేయకుండా `-1` కీ ఉన్న ‘తెలియని కస్టమర్’ వరుసకు కలిపాం. ప్రతి లోడ్ ఒకే ట్రాన్సాక్షన్‌లో జరుగుతుంది, ముందుగా అదే `batch_id` వరుసలను తొలగిస్తుంది. అందువల్ల మధ్యలో ఆగిన పనిని మళ్లీ నడిపినా లెక్క రెండింతలు కాదు. చివరగా మూలంలోని వరుసల సంఖ్య, లోడ్ అయినవి, తిరస్కరించినవి కలిపిన సంఖ్యతో సరిపోలాలి. మొత్తం సొమ్ము కూడా అంతే.

మిగిలిన సమస్య

కొన్ని వాపసులకు బిల్లు నంబరే లేదు. వస్తువు, తేదీ చూసి దగ్గరి బిల్లుకు జత చేయవచ్చన్న ఆలోచనను కాదనుకున్నాం, ఆ ఊహ వేర్‌హౌస్‌లోకి వెళ్లాక నిజంలా చలామణి అవుతుంది. అవి కారణంతో సహా `reject_returns` పట్టికలో ఉన్నాయి. నికర అమ్మకాల నివేదికలో వాటి మొత్తాన్ని విడి పంక్తిగా చూపుతున్నాం.