చేయి అందినంత మేర

అటక మీది డబ్బా దింపబోయి నానమ్మ స్టూలు మీంచి పడింది. పండగ అప్పటికి ఇంకా 3 వారాలుంది. ఇప్పట్నుంచే ఎందుకమ్మా అని నాన్న అంటూనే ఉన్నాడు. దండలన్నీ చిక్కుపడి ఉంటాయి, విప్పడానికే నాలుగు రోజులు పడుతుంది అని నానమ్మ.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. మధ్యలో జ్వరం రావడంతో ఆస్పత్రిలోనే ఉంచేశారు. ఆ రాత్రి ఇంటికొచ్చిన నాన్న డబ్బాని అటక లోపలికంటా తోసేసి, చిట్టిని దగ్గరికి పిలిచి ఒట్టు వేయించుకున్నాడు. స్టూలు గాని, కుర్చీ గాని, మంచం పట్టె గాని ఎక్కకూడదు. చిట్టికి 7 ఏళ్లు. ఆ వయసులో ఒట్టు అంటే ఒట్టే.

అమ్మానాన్నలు ఆస్పత్రికీ ఆఫీసుకీ తిరుగుతుంటే చిట్టి పక్కింటి అత్తయ్య దగ్గర ఉంటోంది. మంగళవారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"శనివారం తీసుకొచ్చేస్తున్నాం వదినా. నడక పట్టేదాకా చక్రాల కుర్చీయే. పండగా? ఈసారి ఏం పండగలే. ఆవిడ ఇంటికొస్తే అదే చాలు."

చిట్టి దుప్పటి కిందనుంచి అంతా వింది. పండగ ఆదివారం. పండగ వద్దనుకుంటే వద్దే అవుతుందా? అది దానంతటది వచ్చేస్తుంది కదా. వచ్చి చూస్తే ఇంట్లో ఏమీ ఉండదు. ఆ ఆలోచనతో దానికి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు బడి నుంచి రాగానే, "అత్తయ్యా, మా మొక్కలకి నీళ్లు పోసొస్తా, తాళం చెవి ఇవ్వవా" అంది.

తాళం తీసి లోపలికి వెళ్తే ఇల్లు మూసిన పెట్టెలా వాసన వేసింది. చిట్టి ముందు కిటికీలు తెరిచింది. తరవాత అటక కింద నిలబడి తల పైకెత్తి చూసింది. డబ్బా మూల ఒకటి కనిపిస్తోంది. స్టూలు గోడ వారగానే ఉంది. చిట్టి దాని వైపు చూడకుండా పక్క గదిలోకి వెళ్లిపోయింది.

పాత కేలండర్ కాగితాలు, అట్టలు వేయగా మిగిలిన రంగు కాగితాలు, చాక్లెట్ డబ్బా లోపలి బంగారు రంగు కాగితం. స్కేలు పెట్టి గీతలు గీసి, పట్టీలుగా కత్తిరించింది. పట్టీ కొసలు రెండూ కలిపి అంటిస్తే ఉంగరం. అందులోంచి ఇంకో పట్టీ దూర్చి అంటిస్తే ఇంకో ఉంగరం. గొలుసు ఎలా చేయాలో పోయినేడు నానమ్మే నేర్పింది.

జిగురు దగ్గరే ఇబ్బంది వచ్చింది. నానమ్మ పిండిని నీళ్లలో కలిపి పొయ్యి మీద ఉడికిస్తుంది. పొయ్యి వెలిగించడం చిట్టికి కూడదు. చన్నీళ్లలోనే కలిపింది. ఉండలు కట్టింది. నీళ్లు ఎక్కువైతే కాగితం నాని చిరిగింది, తక్కువైతే అంటుకోలేదు. చివరికి ఉండలన్నీ వేళ్లతో నలిపి, పల్చగా రాసి, కొసల్ని గట్టిగా నొక్కిపట్టి 50 దాకా లెక్కపెడితే నిలిచింది. ఒక్కో ఉంగరానికి 50. ఆ రోజంతా కలిపి అయినవి 11.

పెరట్లో మొక్కలు గుర్తొచ్చి పరుగున వెళ్లి నీళ్లు పోసింది. అబద్ధం చెప్పినట్టు కాకూడదు మరి.

గురువారం 20 అయ్యాయి. శుక్రవారం బడి ఒంటిపూటే కాబట్టి 31. అన్నం దగ్గర అత్తయ్య దాని మోచేయి పట్టుకుని, ఎండిపోయిన పిండిని గోటితో గీరింది. "మొక్కలకి బాగా పోస్తున్నావే నీళ్లు" అని మాత్రం అంది. చిట్టి తల దించుకుని గబగబా తినేసింది.

శనివారం పొద్దున కట్టడం మొదలుపెట్టింది. నానమ్మ అయితే దండల్ని గుమ్మాల పైన, దూలానికి, గోడల మీద ఎత్తున కడుతుంది. అందరూ తలెత్తి చూస్తారు. చిట్టి మునివేళ్ల మీద నిలబడి చేయి చాపినా గుమ్మంలో ముప్పాతిక దాకానే వచ్చింది. అక్కడ మేకులూ లేవు. అందే చోట ఏమున్నాయి? కిటికీ కింది ఊచ ఉంది. నానమ్మ గది తలుపు గొళ్లెం ఉంది. గది లోపల మంచం పక్కన, నానమ్మ చేతికర్ర తగిలించుకునే మేకు ఉంది. గొలుసు హాల్లో కిటికీ దగ్గర మొదలై, ఊచల మధ్యగా పాకి, గొళ్లేనికి ఒక చుట్టు చుట్టుకుని, గదిలోకి వెళ్లింది. మేకు దాకా మాత్రం రాలేదు. లాగితే మొదటి రోజు అంటించిన ఉంగరం ఒకటి పుటుక్కుమంది. లెక్క సరిగ్గానే వేసుకుంది కాని, గొలుసు వేలాడితే మధ్యలో వంపు తిరుగుతుందని, ఆ వంపు కూడా కొంత కాగితం తింటుందని దానికి తెలియదు. విరిగినదాన్ని మళ్లీ అతికించింది. ఇంకా ఒక్క ఉంగరం దూరం మిగిలింది. కాగితం అయిపోయింది.

అది వదిలేసి పూల పని చూసింది. గ్లాసుల్లో నీళ్లు పోసి పెరటి పూలు పెట్టి, నడవాలో రెండు వరసలుగా నేల మీద పేర్చింది. వాకిట్లో రంగుల చాప పరిచింది. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే ఎంత బాగుందో! అప్పుడు అమ్మ ఫోన్‌లో అన్న ఇంకో మాట గుర్తొచ్చింది. నేల మీద అడ్డంగా ఏమీ ఉండకూడదట, చాపలు, పట్టాలు తీసేయాలట, ఇంకోసారి పడితే కష్టమట. చిట్టి కాసేపు అలాగే నిలబడింది. తరవాత చాప చుట్టేసింది. గ్లాసుల్ని ఒక్కొక్కటే మోసి కిటికీ గట్టు మీద పెట్టింది. నీళ్లు ఒలికిన చోటల్లా తన పాత గౌనుతో, పొడి గుడ్డతో రెండుసార్లు తుడిచింది.

కారు ఆగిన చప్పుడైంది.

నాన్న కుర్చీ తోస్తూ లోపలికొచ్చాడు. కిటికీ చూశాడు, గొలుసు చూశాడు. మొహం మారిపోయింది.

"కుర్చీ ఎక్కావా? చిట్టీ, ఎక్కావా?"

"లేదు నాన్నా. ఒట్టు."

నాన్న మళ్లీ చూశాడు. దండలో ఏ భాగమూ తన నడుము దాటి పైకి లేదు. దగ్గరగా చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చింది, కూర్చున్నాడు. అమ్మ సంచీ కింద పెట్టడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

నానమ్మకి మాత్రం ఎటూ తలెత్తే పని లేకపోయింది. కుర్చీలో కూర్చుంటే గొలుసు సరిగ్గా ఆమె కళ్లెదుట ఉంది. "మెల్లిగా తోయరా" అంది. కుర్చీ కదులుతుంటే ఒక్కో ఉంగరాన్నీ వేలితో తాకుతూ వెళ్లింది. ఒకదాని దగ్గర ఆగి, ఉండని గోటితో నొక్కి చూసింది. "ఉడికించలేదు కదూ?"

"పొయ్యి వద్దన్నారుగా."

"మరెలా నిలిచిందే?"

"50 లెక్కపెట్టాను. అన్నిటికీ."

నానమ్మ ఏమీ అనలేదు. గదిలోకి వెళ్లాక, మంచం పక్కన గాల్లో వేలాడుతున్న చివరి ఉంగరాన్ని, దానికి బెత్తెడు దూరంలో ఉన్న ఖాళీ మేకుని చూసింది.

"అక్కడికి చాల్లేదు నానమ్మా" అంది చిట్టి. గొంతు వణికింది. "ఒక్కటే తగ్గింది."

"కత్తెర ఏదీ?"

తెచ్చింది. నానమ్మ కుడి చేయి చాపింది. మణికట్టు మీద ఆస్పత్రి వాళ్లు పేరు రాసి కట్టిన పట్టీ ఇంకా అలాగే ఉంది. "కత్తిరించు. చర్మం తగలకుండా, కింద వేలు పెట్టి."

చిట్టి ఊపిరి బిగబట్టి కత్తిరించింది. ప్లాస్టిక్ పట్టీ, జిగురు అంటలేదు. నానమ్మ మెడ దగ్గర గుచ్చుకున్న పిన్నీసు తీసి, పట్టీని చివరి ఉంగరంలోంచి దూర్చి, రెండు కొసలూ కలిపి గుచ్చింది. తరవాత కుర్చీలోంచి కదలకుండానే చేయి చాపి, దాన్ని మేకుకి తగిలించింది.